"పాత ధర అబద్ధం, ఫెయిర్ వాల్యూనే నిజం" అని తిరుగుతున్న ఫార్వర్డ్‌కి నా జవాబు

వాట్సాప్‌లో రెండు వారాలుగా తిరుగుతున్న మెసేజ్ ఇది, ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా:

"కంపెనీల బ్యాలెన్స్ షీట్లన్నీ అబద్ధాలే!! (1) 1996లో 6 లక్షలకి కొన్న ఫ్యాక్టరీ స్థలం ఇప్పుడు 6 కోట్లు, పుస్తకాల్లో మాత్రం ఇంకా 6 లక్షలే. ఇది మోసం కాదా? ఫెయిర్ వాల్యూ ఒక్కటే నిజం. (2) ఫెయిర్ వాల్యూ పెడితే లాభం పెరుగుతుంది, షేర్‌హోల్డర్లకి డివిడెండ్ వస్తుంది, అది ఇవ్వకుండా ఉండడానికే ప్రమోటర్లు పాత ధర పట్టుకుని వేలాడుతున్నారు. (3) వాల్యూయర్ రిపోర్ట్ ఉంటే ఇంక మోసానికి చోటే లేదు. (4) ప్రపంచం అంతా ఎప్పుడో మారిపోయింది, మనమే వెనకబడ్డాం. అందరికీ షేర్ చేయండి."

మా తిరుపతి కామర్స్ బ్యాచ్ గ్రూపులో కూడా పడింది, కింద "కరెక్ట్ సామీ" అని ఒకటే దండాలు. నేను ఆడిట్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి, ఈ లెక్కలు రోజూ చూసేవే కాబట్టి ఒక్కొక్కటే చెప్తా. పాత ధర అంటే కొన్నప్పుడు పెట్టిన డబ్బు, ఫెయిర్ వాల్యూ అంటే ఇవాళ మార్కెట్లో పలికే ధర. ముందే ఒక మాట, నేను పాత ధర పార్టీ కాదు, ఫెయిర్ వాల్యూ లేకపోతే కొంప మునిగిన కేసు కూడా కింద చెప్తా.

లెక్క కోసం ఒక కంపెనీ అనుకుందాం. చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీ, లిస్టెడ్ కంపెనీ, అంటే ఇండ్ ఏఎస్ అనే మన దేశపు అకౌంటింగ్ రూల్స్ వర్తిస్తాయి. నంబర్లు చిన్నవి పెడుతున్నా, నోటితో వేసుకోవడానికి. మెసేజ్‌లో ఉన్నట్టే స్థలం 1996లో 6 లక్షలు, ఇప్పుడు 6 కోట్లు అంటున్నారు. బిల్డింగ్ 1.8 కోట్లు పెట్టి కట్టారు, 30 ఏళ్ళ లైఫ్, 15 ఏళ్ళు అయిపోయింది, పుస్తకాల్లో 90 లక్షలు మిగిలింది, ఇప్పుడు విలువ కడితే 2.4 కోట్లు అంటున్నారు. కొంచెం సొంత తోతాపురి తోట కూడా ఉంది.

మొదటిది. 6 లక్షలు అని రాస్తే అది అబద్ధం ఎట్లా అవుతుంది, ఆ రోజు చెక్కు ఇచ్చింది 6 లక్షలే కదా, రిజిస్టర్ డాక్యుమెంటు ఉంది, బ్యాంకు స్టేట్‌మెంటు ఉంది, ఎవరు తీసి చూసినా అదే అంకె వస్తుంది. ఆ లైను "ఈ స్థలం ఇవాళ ఇంత పలుకుతుంది" అని ఎక్కడా చెప్పట్లేదు, "దీనికి మేం ఇంత పెట్టాం" అని చెప్తోంది. ఫ్యాక్టరీ నడుస్తున్నంత కాలం ఆ స్థలం అమ్మరు. అమ్మని వస్తువుకి ఇవాళ్టి అమ్మకం ధర ఎంత అనేది అప్పు ఇచ్చేవాడికి కావాలి, కంపెనీని కొనేవాడికి కావాలి, కానీ ఈ ఏడాది పల్ప్ వ్యాపారం ఎట్లా నడిచిందో తెలుసుకోవాలనుకునేవాడికి దాంతో పనేముంది. అప్పిచ్చే బ్యాంకువాడు కూడా బ్యాలెన్స్ షీట్ చూసి స్థలం విలువ కట్టడు, తన ప్యానెల్ వాల్యూయర్‌ని పంపించుకుంటాడు.

ఇంకోటి, పాత ధర అంటే కళ్ళు మూసుకుని అదే రాసుకుంటూ పోవడం అనుకుంటున్నారు చాలామంది, అది కూడా కాదు. ఫ్యాక్టరీ మూలపడి దాని నుంచి పెట్టింది తిరిగి రాదు అనిపిస్తే ఇండ్ ఏఎస్ 36 ప్రకారం విలువ తగ్గించి ఆ నష్టం అప్పుడే చూపించాల్సిందే. గోడౌన్లో ఉన్న పల్ప్ డ్రమ్ములు తీసుకోండి. డ్రమ్ము తయారీకి 12,000 పడింది అనుకుంటే, మార్కెట్ పడిపోయి ఖర్చులు పోను 10,500 మాత్రమే వచ్చేట్టుంటే పుస్తకాల్లో 10,500 రాయాలి, 1,500 నష్టం ఈ ఏడాదే. అదే డ్రమ్ము 15,000 పలుకుతుంటే? 12,000 దగ్గరే ఉంటుంది, అమ్మిన రోజే లాభం. కిందికి చూస్తుంది, పైకి చూడదు. ఇది ఏకపక్షం అని తిట్టేవాళ్ళున్నారు, ఆ తిట్టులో న్యాయం కూడా ఉంది, కానీ దాన్ని దాచిపెట్టడం అంటే మాత్రం ఒప్పుకోను.

రెండోదే అసలు విషయం, ఇక్కడ మెసేజ్ రాసినాయనకి రూల్ తలకిందులుగా అర్థమైంది.

ఇండ్ ఏఎస్ 16 కింద స్థలం, బిల్డింగ్, మెషినరీకి కంపెనీ రెండు పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవచ్చు, కాస్ట్ మోడల్ లేదా రీవాల్యుయేషన్ మోడల్. అంటే ఫెయిర్ వాల్యూ పెట్టుకోవద్దని ఎవరూ ఆపలేదు. కాకపోతే పెడితే ఆ రకం ఆస్తులన్నిటికీ పెట్టాలి, పెరిగిన స్థలం ఒక్కటి ఏరుకుని పెరగని స్థలం పాత ధరకి వదిలేస్తానంటే కుదరదు, ఒకసారి పెట్టి వదిలేయడం కూడా కుదరదు, విలువలు మారే కొద్దీ మళ్ళీ మళ్ళీ చేయించుకోవాలి.

సరే, మన పల్ప్ కంపెనీ పెట్టింది అనుకుందాం. స్థలం 6 లక్షల నుంచి 6 కోట్లు, పెరిగింది 5.94 కోట్లు. బిల్డింగ్ 90 లక్షల నుంచి 2.4 కోట్లు, పెరిగింది 1.5 కోట్లు. మొత్తం 7.44 కోట్లు. ఇది లాభంలోకి పోతుందా? పోదు. అదర్ కాంప్రహెన్సివ్ ఇన్‌కమ్ అని లాభనష్టాల కింద వేరే భాగం ఉంటుంది, అందులోంచి రీవాల్యుయేషన్ సర్‌ప్లస్ అనే ఖాతాలో పోయి కూర్చుంటుంది. (దీనిమీద డిఫర్డ్ టాక్స్ లెక్క కూడా ఉంది, దాన్ని ఇక్కడ పక్కన పెడుతున్నా, లేకపోతే ఈ పోస్టు తెల్లారినా అవ్వదు.)

ఇప్పుడు లాభం సంగతి చూడండి. ముందు బిల్డింగ్ మీద తరుగుదల ఏడాదికి 6 లక్షలు, 1.8 కోట్లని 30తో భాగిస్తే అంతే కదా. ఇప్పుడు 2.4 కోట్లు, మిగిలిన లైఫ్ 15 ఏళ్ళు, అంటే ఏడాదికి 16 లక్షలు. ముందు 25 లక్షలు లాభం వచ్చే కంపెనీకి ఇప్పుడు 15 లక్షలే వస్తుంది. అదే మామిడి, అదే మెషిన్లు, అదే కూలోళ్ళు, అదే అమ్మకాలు. ఫెయిర్ వాల్యూ పెట్టడం వల్ల లాభం తగ్గింది! తగ్గిన ఆ 10 లక్షలు సర్‌ప్లస్ ఖాతా నుంచి రిటెయిన్డ్ ఎర్నింగ్స్‌కి, అంటే ఏళ్ళుగా మిగిలిన లాభాలు ఉండే ఖాతాకి, మార్చుకోవచ్చు గానీ లాభనష్టాల ఖాతా గుండా తీసుకురావడానికి వీల్లేదు.

పోనీ స్థలం అమ్మేశారనుకోండి, 6.2 కోట్లకి. పాత ధర పెట్టిన కంపెనీకి ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలో 6.14 కోట్ల లాభం కనిపిస్తుంది. ఫెయిర్ వాల్యూ పెట్టిన కంపెనీకి? 20 లక్షలు. మిగతా 5.94 కోట్లు సర్‌ప్లస్ నుంచి నేరుగా రిటెయిన్డ్ ఎర్నింగ్స్‌కి పోతుంది, లాభం లైనులో ఎప్పటికీ కనపడదు. చేతికొచ్చిన డబ్బు ఇద్దరికీ ఒకటే. మరి లాభం పెరుగుతుందని ఎట్లా రాశారో ఆ మహానుభావుడికే తెలియాలి.

ఇంక డివిడెండ్. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 123 తీసి చదవండి. డివిడెండ్‌కి లాభం లెక్కేసేటప్పుడు చేతికి రాని లాభాలు, ఊహా లాభాలు, ఆస్తుల రీవాల్యుయేషన్, ఫెయిర్ వాల్యూ కట్టడం వల్ల వచ్చిన మార్పు, ఇవన్నీ తీసేయాలని అందులోనే ఉంది. నెట్‌వర్త్, అంటే కంపెనీ సొంత నిధులు, దాని నిర్వచనం ఉన్న సెక్షన్ 2(57)లో కూడా రీవాల్యుయేషన్ రిజర్వు కలపకూడదనే ఉంది. కారణం తేలికే, 7.44 కోట్లు పెరిగినా కంపెనీ ఖాతాలో ఒక్క రూపాయి కొత్తగా రాలేదు, డివిడెండ్ ఇవ్వాలంటే ఆ స్థలాన్నే తాకట్టు పెట్టి అప్పు తేవాలి. ఇంకో సంగతి, ప్రమోటర్లు పాత ధర పట్టుకుని వేలాడుతున్నారు అన్నారు కదా, నేను చూసినంతలో గట్టిగా రీవాల్యుయేషన్ కావాలని అడిగేదే ప్రమోటర్లు, అదీ అప్పులు ఎక్కువైనప్పుడు. ఈ కంపెనీకి 4 కోట్ల అప్పు, 2 కోట్ల సొంత నిధులు అనుకోండి, అప్పు సొంత డబ్బుకి రెట్టింపు. 7.44 కోట్లు కలిపితే సొంత నిధులు 9.44 కోట్లు, అప్పు సగానికన్నా తక్కువ అయినట్టు కనపడుతుంది, చూడడానికి భలే ఉంటుంది.

మూడోది, వాల్యూయర్ రిపోర్ట్. పైన నేను స్థలం 6 కోట్లు, బిల్డింగ్ 2.4 కోట్లు అని రెండూ కలిపేసి లెక్కేసింది కావాలనే, ఎందుకంటే చాలా రిపోర్టుల్లో ఇట్లానే ఉంటుంది, ఎవరూ అడగరు. ఇప్పుడు అడుగుదాం.

ఇండ్ ఏఎస్ 113 ప్రకారం ఫెయిర్ వాల్యూ అంటే ఆ తేదీన, తొందర, బలవంతం లేని మామూలు అమ్మకంలో, మార్కెట్లో ఉండే కొనుగోలుదారు ఇచ్చే ధర. స్థలం లాంటి వాటికి ఆ కొనుగోలుదారు దాన్ని ఎట్లా వాడితే ఎక్కువ విలువ వస్తుందో ఆ వాడకం తీసుకోవాలి, కంపెనీ ఇప్పుడు ఎట్లా వాడుతోంది అనేది కాదు. మన ఫ్యాక్టరీ స్థలానికి 6 కోట్లు ఎక్కడినుంచి వచ్చింది? పక్కన లేఅవుట్ పడింది, ప్లాట్లు వేసి అమ్ముతున్నారు, అంకణం ఇంత పోతోంది కాబట్టి మనదీ అంతే అని. బాగుంది, కానీ ప్లాట్లు వేయాలంటే ఫ్యాక్టరీ పడగొట్టాలి కదా సామీ. పడగొట్టే బిల్డింగ్‌కి 2.4 కోట్లు ఎట్లా ఇస్తాడు కొనేవాడు? ప్లాట్ల ధర పెడితే బిల్డింగ్ సున్నా, పైగా పడగొట్టే ఖర్చు, లేఅవుట్ పర్మిషన్, రోడ్లకి వదిలే జాగా, వీటికి 50 లక్షలు పోతే మిగిలేది 5.5 కోట్లు. ఫ్యాక్టరీగానే అమ్మితే ఇండస్ట్రియల్ స్థలం రేటు 3.5 కోట్లు, బిల్డింగ్ 2.4 కోట్లు, కలిపి 5.9 కోట్లు. ఎక్కువ వచ్చేది ఫ్యాక్టరీగానే, కాబట్టి కరెక్ట్ అంకె 5.9. రిపోర్టులో ఉన్నది 8.4. రెండున్నర కోట్లు ఎక్కడా లేని డబ్బు, స్టాంపు సంతకం అన్నీ ఉన్న రిపోర్టులోంచే వచ్చింది, ఎవరూ దొంగ కాగితం పుట్టించలేదు.

ఇంక రేటు దగ్గరికి వస్తే, ఇక్కడ తిరుపతి, చిత్తూరులో స్థలం కొన్న వాళ్ళందరికీ తెలుసు, గవర్నమెంట్ వాల్యూ ఒకటి, డాక్యుమెంటులో రాసేది ఒకటి, బయట నడిచే రేటు ఒకటి. వాల్యూయర్ ఏది తీసుకున్నా కాగితం చూపించగలడు. ఇండ్ ఏఎస్ 113 ఫెయిర్ వాల్యూలని మూడు లెవల్స్‌గా విడదీస్తుంది. షేర్ల లాగా స్క్రీన్ మీద ధర కనపడేవి లెవల్ 1, దాదాపు అలాంటివాటి ధర మార్కెట్లో చూసి కట్టేవి లెవల్ 2, ముఖ్యమైన అంచనాలు మనమే వేసుకోవాల్సి వస్తే లెవల్ 3. ఇట్లాంటి ఫ్యాక్టరీ స్థలాలు చాలావరకు లెవల్ 3కే పోతాయి. రిజిస్టర్డ్ వాల్యూయర్‌తో చేయించారా లేదా అని 2021 నుంచి కంపెనీల చట్టం షెడ్యూల్ 3 కింద నోట్స్‌లో చెప్పాలి, అది మంచిదే, కానీ అది ఎవరు కట్టారో చెప్తుంది, ఏ వాడకం అనుకుని కట్టారో చూసుకోవాల్సింది మనమే. స్థలానికీ బిల్డింగ్‌కీ వాడకం ఒకటే అనుకున్నారా, పోల్చిన అమ్మకాలు ఏవి, ఎప్పటివి, ఈ మూడూ రిపోర్టులో వెతకండి.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికా ఎనర్జీ కంపెనీ ఎన్రాన్. 20 ఏళ్ళ కాంట్రాక్టు మీద భవిష్యత్తులో వచ్చేదంతా ఇవాళే ఫెయిర్ వాల్యూ కట్టి లాభంగా రాసుకునేవాళ్ళు, 2000లో వీడియో కంపెనీ బ్లాక్‌బస్టర్‌తో కుదుర్చుకున్న ఒప్పందం మీద ఇట్లానే 110 మిలియన్ డాలర్లకి పైగా లాభం రాశారు, ఆ ఒప్పందం 2001లోనే రద్దయింది, అదే ఏడాది డిసెంబర్లో కంపెనీ దివాలా. మార్కెట్ లేని చోట ఫెయిర్ వాల్యూ కట్టేది కంపెనీ ఊహే, దానికి స్ప్రెడ్‌షీట్ ఎంత అందంగా ఉన్నా.

మోసం లేకుండా, నిజాయితీగా కట్టినా ఎంత ఆడుతుందో చూడాలంటే మన మామిడి తోట చూడండి. ఒకే తోటలో రెండు పద్ధతులు నడుస్తాయి, చాలామందికి తెలీదు. చెట్లు ఏళ్ళ తరబడి కాసేవి కాబట్టి వాటిని ఫ్యాక్టరీ మెషిన్ లాగే చూసి ఇండ్ ఏఎస్ 16 కింద పెడతారు, పాత ధర పెట్టుకోవచ్చు. చెట్టు మీద పెరిగే కాయ మాత్రం ఇండ్ ఏఎస్ 41, అమ్మకం ఖర్చులు పోను ఫెయిర్ వాల్యూకే పెట్టాలి, పెరుగుదల తగ్గుదల నేరుగా లాభనష్టాల్లోకి పోతుంది. మార్చి 31న తోతాపురి ఏ దశలో ఉంటుంది? పిందె. గాలివానకి రాలేది ఎంత, నిలిచేది ఎంత దేవుడికే తెలియాలి. అయినా ఆ రోజు విలువ కట్టాలి. అదృష్టం ఏమంటే ఇక్కడ పిందె మీదే తోట కొనే వ్యాపారులున్నారు, కాబట్టి వాళ్ళ మాట ఒక ఆధారం. ఒకాయన 8 లక్షలకి అడిగాడు, కంపెనీ 8 లక్షలు రాసింది కానీ అమ్మలేదు అనుకుందాం. జూన్, జూలైలో ధర పడిపోయి కాయకి 4 లక్షలే వచ్చింది. కిందటేడు పుస్తకాల్లో వచ్చిన లాభంలో 4 లక్షలు ఈ ఏడాది నష్టంగా తిరిగొస్తుంది. మార్చిలో రాసింది అబద్ధమా? కాదు, ఆ తేదీ ధర అది. కానీ "ఫెయిర్ వాల్యూ ఒక్కటే నిజం" అన్నాయన ఆ నిజం మూడు నెలలు కూడా నిలబడలేదని ఒప్పుకోవాలి.

2025 సీజన్ గుర్తుంది కదా. తోతాపురి పడిపోయి ఫ్యాక్టరీలు కిలోకి 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, రైతుకి 12 అని పెట్టారు, 8 కూడా ఇవ్వట్లేదని గోల కూడా నడిచింది. అప్పుడు కాయ ఫెయిర్ వాల్యూ 12 అని రాస్తే తప్పు. కొనేవాడు ఇచ్చేదే ఫెయిర్ వాల్యూ, ప్రభుత్వం ఇచ్చేది గ్రాంటు, దాని లెక్క వేరే. ఫ్యాక్టరీ ఇచ్చింది 8 కన్నా తక్కువైతే ఆ తక్కువే.

నాలుగోదానికి ఎక్కువ రాయక్కర్లేదు. అమెరికా రూల్స్‌లో ఫ్యాక్టరీ స్థలం, బిల్డింగ్ విలువ పైకి కట్టడానికి వీల్లేదు, అక్కడ ఇవాళ్టికీ పాత ధరే. అంతర్జాతీయ రూల్స్‌లో మనకున్నట్టే రెండూ ఉన్నాయి, రీవాల్యుయేషన్ ఎంచుకునే కంపెనీలు కొద్దే. స్థలం, బిల్డింగుల విషయంలో మనం నిజంగా వేరుగా పోయింది అద్దెకిచ్చుకునే ఆస్తుల దగ్గర. అంతర్జాతీయంగా ఫెయిర్ వాల్యూ పెట్టుకోవచ్చు, మన ఇండ్ ఏఎస్ 40 మాత్రం పాత ధరే అంటుంది, కానీ ఫెయిర్ వాల్యూ ఎంతో నోట్స్‌లో రాయాల్సిందే. అంటే మెసేజ్ రాసినాయన అడిగే అంకె ఆ ఆస్తులకి ఆల్రెడీ ఉంది, పేజీలు తిప్పితే కనపడుతుంది.

ఇప్పుడు పాత ధర దెబ్బ కొట్టిన కేసు, ముందే చెప్తానన్నా కదా. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు. జనం డిపాజిట్లు తీసుకుని పొడుగు కాలం బాండ్లు కొనింది, మెచ్యూరిటీ దాకా ఉంచుకుంటాం అని చెప్పి వాటిని కాస్ట్ మీదే పెట్టింది. వడ్డీలు పెరిగాయి, బాండ్ల ధర పడింది. 2022 డిసెంబర్ 31న పుస్తకాల్లో ఆ బాండ్లు సుమారు 91 బిలియన్ డాలర్లు, మార్కెట్లో 76. తేడా 15 బిలియన్లు, బ్యాంకు సొంత నిధులు మొత్తం సుమారు 16. ఫెయిర్ వాల్యూ నోట్స్‌లో ఉంది, బ్యాలెన్స్ షీట్‌లోకి ఎక్కలేదు అంతే. 2023 మార్చి 10న మూతపడింది. బాండుకి రోజూ ధర కనపడుతుంది, ఊహ అక్కర్లేదు, పైగా డిపాజిట్లు అడిగితే వెంటనే అమ్మాల్సిన వస్తువు అది. ఫ్యాక్టరీ స్థలం అట్లా కాదు, దాన్ని అమ్మితే పల్ప్ చేసేదెక్కడ. నా దృష్టిలో తేడా అంతా ఇదే, అమ్మి డబ్బు చేసుకునే వస్తువు, ధర బయట కనపడుతుంటే ఫెయిర్ వాల్యూ పెట్టండి, వాడుకుని డబ్బు చేసుకునే వస్తువు, ధర ఎవరో కట్టాల్సి వస్తే పాత ధర ఉంచి ఫెయిర్ వాల్యూ నోట్స్‌లో చెప్పండి.

మన బ్యాంకులకి రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 1 నుంచి పెట్టిన కొత్త రూల్స్ దాదాపు ఇదే దారిలో ఉన్నాయి. మెచ్యూరిటీ దాకా ఉంచుకునే బాండ్లు కాస్ట్ మీదే ఉంటాయి, అమ్మకానికి ఉంచినవీ ట్రేడింగ్‌వీ ఫెయిర్ వాల్యూకి పోయాయి. అందులో లెవల్ 3 అంచనాల మీద చేతికి రాకుండా కనపడే నికర లాభం ఉంటే దాన్ని బ్యాంకు మూలధనంలోంచి తీసేయాలి, దాన్నుంచి డివిడెండ్ ఇవ్వకూడదు అని కూడా రాశారు.